కరపత్రంలో మొదటి పేరా

మా వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక వర్గంలోని మిత్రులు అడిగారు. కవితలూ, బాబాసాహెబ్ మీద వ్యాసాలూ అప్పటికే చాలా వచ్చాయట. అందుకని మేము రాసినవాటిలో అచ్చయి వెయ్యి మంది చేతుల్లోకి వెళ్లిన ఒకే ఒక్క రచన గురించి చెప్పాలనుకున్నాం. అది కథ కాదు, కవిత కాదు. చిన్న పెళ్లిళ్లు చేయించే ఒక వంట మేస్త్రీ కరపత్రంలో మొదటి పేరా.

మేము అంటే ఒకే గదిలో ఉంటున్న ముగ్గురం. హన్మకొండలో పీజీ చదువుతూ, ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్తుంటాం. ఈ సంగతి మన హాస్టల్లో కొత్త కాదు, మనలో సగం మంది వెళ్లేవాళ్లమే. మమ్మల్ని పిలిచే మేస్త్రీ ఇరవై ఏళ్లుగా వంటలు చేసి, ఈ మధ్య పెళ్లి పనులన్నీ తానే ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద ఫంక్షన్ హాళ్ల పెళ్లిళ్లు కావు. ఇంటి ముందు టెంటు వేసి చేసేవి, నూట యాభై, రెండొందల మందివి.

ఒకరోజు అంట్లు తోముతుండగా ఆయన మా దగ్గరికి వచ్చి, "బిడ్డా, మీరు పెద్ద సదువు సదువుతున్నరు గదా. నాకొక పాంప్లెట్ కొట్టియ్యాలె. లోపల రేట్లు నేను చెప్త గని, మొదట ఒక నాలుగు ముచ్చట్లు మంచిగ రాసియ్యండి" అన్నాడు.

మాకు ఎంత సంబరమైందో చెప్పలేం. ఆ రాత్రే కూర్చుని రాశాం. పెళ్లంటే నూరేళ్ల పంట, రెండు కుటుంబాల కలయిక, మీ కలల కల్యాణాన్ని మీ బడ్జెట్‌లోనే, చిరునవ్వుతో, అన్ని ఏర్పాట్లూ మావే... ఇలా పదిహేను వరుసలు. ఎవరో కాదు, మేమే చదువుకుని మురిసిపోయాం.

మేస్త్రీకి చదివి వినిపిస్తే అంతా విని, "మంచిగనే ఉన్నది. గని ఇది సదివి నన్ను ఎవడన్న ఏమని పిలుస్తడు?" అన్నాడు.

మాకు కొంచెం కోపం వచ్చింది. కానీ గదికి వచ్చి ఆ కాగితం మళ్లీ చూసుకున్నప్పుడు మాలో ఒకడు ఉన్నట్టుండి లేచి, తన ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక పాత కరపత్రం తీశాడు. వాళ్ల అక్క పెళ్లప్పటిది. వేరే ఊరిలో వేరే వాళ్లు చేసిన పెళ్లి అది. చూస్తే దాని మీద దాదాపు మేము రాసిన మాటలే ఉన్నాయి. 'మీ బడ్జెట్‌లోనే', 'అన్ని ఏర్పాట్లూ మావే'. కింద 'ప్లేటు 350 రూపాయలు మాత్రమే'.

ఆ పెళ్లి లెక్క మాకు ముగ్గురికీ తెలుసు. తెలిసి కూడా ఆ మాటలే ఎలా రాశామో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వాళ్లింట్లో వంద కార్డులు కొట్టించారు. వంద కార్డులు, పైన ఒక యాభై మంది, మొత్తం నూట యాభై అనుకున్నారు. ప్లేటుకు 350 చొప్పున 52,500. 'అన్ని ఏర్పాట్లూ' అంటే టెంటు, కుర్చీలు, ఫొటోలు కూడా అందులోనే అనుకున్నారు. పెళ్లయిన సాయంత్రం వచ్చిన బిల్లు 1,18,800. ప్లేట్లు 268 లేచాయని 93,800, టెంటూ ఫొటోలూ వేరు కాబట్టి 25,000. మిగతా 66,300 కోసం వాళ్లమ్మ చెవుల కమ్మలు కుదువకు పోయాయి, కొంత మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అక్క అప్పగింతలప్పుడు వాళ్ల నాయిన అక్కడ లేడు, అప్పు కోసం తిరుగుతున్నాడు.

మర్నాడు ఆ కాగితాన్ని మేస్త్రీ ముందు పెట్టి, ఎక్కడ తప్పిందో చెప్పమన్నాం. ఆయన ముందు బిల్లు చూడలేదు, "కార్డులు ఎట్ల పంచిండ్రు?" అని అడిగాడు. మావాడు గుర్తు చేసుకుని చెప్పాడు. ఇరవై ఇళ్లు సొంత వాడలోవి, అరవై ఇళ్లు ఊళ్లో మిగతావి, ఇరవై ఇళ్లు వేరే ఊళ్లలోని చుట్టాలు.

"వాడల ఎట్ల పిలిచిండ్రు? పొయ్యి ముట్టియ్యొద్దని పిలిచిండ్రా?"

అవును, అలాగే పిలిచారు. మన దగ్గర పిలుపుల్లో తేడా ఉందన్న సంగతి మనందరికీ తెలిసిందే గానీ, దాన్ని లెక్కలోకి తేవాలని మాకు తట్టలేదు. పొయ్యి ముట్టియ్యొద్దని పిలిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు, రావాలి కూడా, రాకపోతే మనమే బాధపడతాం. కార్డు చేతికిచ్చి రమ్మంటే ఇంటికొకరు వస్తారు. దూరపు చుట్టాలైతే కార్డుకు ముగ్గురు. మేస్త్రీ వేళ్ల మీద లెక్కబెట్టాడు. వాడలో ఇరవై ఇళ్లకు నలుగురు చొప్పున 80, ఊళ్లో 60, చుట్టాలు 60, అంతా 200. మగపెళ్లివారు ఎంతమంది అంటే నలభై అన్నాడు మావాడు. 240. పెళ్లికి ముందు పది నిమిషాలు కూర్చుంటే తేలే లెక్క ఇది.

మరి 268 ప్లేట్లు ఎలా అయ్యాయి? మిగతా 28 చిరిగినవో, పిల్లలు రెండేసి తీసుకున్నవో, అసలు లేవనే లేవో తేల్చే దారి లేదు. వడ్డనకు వెళ్లే మాకు ఇది బాగా తెలుసు. ప్లేట్ల కట్టలు ముందు ఎన్ని తెచ్చారో ఇంటివాళ్లెవరూ చూడరు. చివర్లో ఎన్ని మిగిలాయో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటి బంతి లేవకముందు ఇంటి మనిషి ఒకరు కట్టలు లెక్కబెట్టి, ఆఖరి బంతి తర్వాత మిగిలినవి లెక్కబెడితే ఆ తగువే రాదు. అన్నం చాలుతుందో లేదో కూడా ఆ కట్టలే ముందుగా చెబుతాయి. సగం గంజు అన్నం ఖాళీ అయ్యేసరికి సగం కంటే ఎక్కువ ప్లేట్లు మిగిలి ఉంటే వెంటనే ఇంకో పొయ్యి మీద ఎసరు పెట్టాలి. అన్నం అయిపోయాక తెలుసుకుంటే ముప్పావు గంట జనం కుర్చీల్లో కూర్చుని చూస్తుంటారు.

తర్వాత ఆయన తన సొంత లెక్క చెప్పాడు. ఎంత మంది వచ్చినా మారని ఖర్చు ఒకటి. టెంటు, పందిరి, కుర్చీలు కలిపి 20,000. ఫొటోలు 15,000. పురోహితుడు, పూజా సామాను 7,000. వంట కూలి, గంజుల కిరాయి 10,000. ఇదంతా 52,000. మనిషితో పెరిగేది రెండోది. మనిషికి నూట యాభై గ్రాముల బియ్యం, రెండొందల గ్రాముల కోడి, పప్పు, ఒక కూరగాయ, స్వీటు, పెరుగు, నీళ్లు, ప్లేటు, గ్యాసు, వడ్డన కూలి అన్నీ కలిపి 220. అంటే 150 మందికి 85,000, రెండొందల మందికి 96,000. ప్లేటు లెక్కన చూస్తే మొదటిది 567, రెండోది 480.

మాకు అప్పుడు అర్థమైంది. చిన్న పెళ్లికి ప్లేటు రేటు చెప్పడమే తప్పు. పెళ్లి ఎంత చిన్నదైతే ఆ 52,000 అంత తక్కువ మంది మీద పడుతుంది. ప్లేటు రేటు తక్కువగా చూపించాలంటే దాన్ని ఎక్కడో దాచాలి. దాచడానికి వాడే గుడ్డే 'అన్ని ఏర్పాట్లూ మావే'.

మాలో ఒకడు, కల్యాణలక్ష్మి డబ్బుతో పెళ్లి అయిపోతుందని రాస్తే జనం ఎగబడతారన్నాడు. ఆ పథకం 2014లో 51,000తో మొదలై, 2018లో 1,00,116 అయింది. 85,000 అందులో ఇమిడిపోతుంది కదా అని వాడి ఆలోచన. మేస్త్రీ ఒప్పుకోలేదు. "చెక్కు ఎన్నడస్తదో నీకెర్కనా? కోడి కొట్టోడు పెండ్లి నాడే అడుగుతడు" అన్నాడు. మావాడి అక్కకు పెళ్లయిన చాలా నెలలకు గానీ చెక్కు రాలేదు, అప్పటికి వడ్డీ కదిలింది. ఆ మాట తీసేశాం.

ఇంకోటి కూడా మేము తప్పు రాయబోయాం. 'ఒక మనిషి పెరిగితే 220 పెరుగుతుంది, తగ్గితే 220 తగ్గుతుంది' అని. పెరగడం సరే గానీ తగ్గడం అట్ల కాదన్నాడు. రెండు రోజుల ముందు కిరాణా సామాను వస్తుంది, ముందు రోజు సాయంత్రం కోడికి చెప్తాడు. ఆ తర్వాత మంది తగ్గారంటే సామాను ఆయన నెత్తిన పడుతుంది.

ప్రెస్సులో ఏ4 కాగితాన్ని మూడు మడతలు వేస్తామన్నారు. ఒక్కో భాగం వెడల్పు పది సెంటీమీటర్ల లోపే. ముసలివాళ్లకు కనిపించేంత అక్షరాలతో అందులో పది పన్నెండు వరుసలకు మించి పట్టవు. అంచేత ఏడుసార్లు కొట్టేసి ఇలా రాశాం:

"200 మంది దాటని పెళ్లిళ్లు మాత్రమే మేము చేస్తాం. 150 మందికి కోడికూరతో భోజనం, టెంటు, పందిరి, కుర్చీలు, పురోహితుడు, ఫొటోలు అన్నీ కలిపి 85,000 రూపాయలు. ఆపైన మనిషికి 220. తగ్గించుకోవాలంటే పెళ్లికి మూడు రోజుల ముందు చెప్పాలి. బట్టలు, బంగారం, బ్యాండు, బండ్లు ఇందులో లేవు. పది రోజుల ముందు మీ ఇంటికొచ్చి, ఎవరిని ఎట్ల పిలిచారో అడిగి, మంది లెక్క మీతో కూర్చునే వేస్తాం. ప్లేట్లు మీ మనిషే లెక్కబెడతారు."

'నూరేళ్ల పంట' పోయిందని మాకు కొంచెం దిగులుగానే ఉండింది. ప్రెస్సాయన కూడా, ఇదేంది బిల్లు లాగుంది, పైన ఒక శుభలేఖ మాటన్నా పెట్టండన్నాడు. మేస్త్రీ వినలేదు, పైన గణపతి బొమ్మ మాత్రం పెట్టించాడు. ధర ఏ నెల వరకు చెల్లుతుందో కింద చిన్నగా వేయించాడు. మాఘమాసంలో టెంటువాళ్లు రేటు పెంచితే మాట పోతుందని ఆయన భయం.

వెయ్యి కాపీలు అచ్చయ్యాయి. ఆ కాగితం పట్టుకుని మొదట వచ్చింది ఒక ఆటో డ్రైవర్ భార్య, కూతురి పెళ్లి కోసం. ఆమెకు చదువు రాదు, పక్కింటి పిల్లతో చదివించుకుని వచ్చింది. అప్పుడు మేము గంజులు మోస్తూ అక్కడే ఉన్నాం. ఆమె బేరం ఆడలేదు. "అయ్యా, అన్ని రాసిండ్రు గని, ఫొటోలు ఎన్నో రాయలే. ఆల్బం ఇస్తరా, ఉత్తగ సీడీ ఇస్తరా?" అని అడిగింది.

మేస్త్రీ మా ముగ్గురి వైపు చూశాడు. రెండోసారి అచ్చువేసినప్పుడు 'ఫొటోలు' అన్నచోట '150 ఫొటోల ఆల్బం' అని మార్చాం. దానికి చోటు చాలక గణపతి బొమ్మను కొంచెం చిన్నది చేయాల్సి వచ్చింది.