సీసా పాలతో నిద్ర, పాలపళ్లకు పుచ్చు

ఆరేళ్లలోపు పిల్లల పాలపళ్లలో ఒక్కదానికి పుచ్చు పట్టినా దంతవైద్యులు దాన్ని శైశవ దంతక్షయంగా లెక్కిస్తారు. రాత్రంతా పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ఈ పుచ్చు ఒక వరుసలో వస్తుంది. ముందుగా పై దవడలోని నాలుగు ముందు పళ్లు దెబ్బతింటాయి. ఆ తర్వాత దవడ పళ్ల వంతు వస్తుంది. కింది ముందు పళ్లు మాత్రం చాలాకాలం శుభ్రంగానే ఉంటాయి.

ఒక దంత వైద్యశాల పిల్లల విభాగంలో మేం చూసిన పరీక్షలో ఈ వరుస స్పష్టంగా కనిపించింది. బాబుకు ఇరవై రెండు నెలలు. తల్లి, డాక్టరు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చున్నారు. బాబు కాళ్లు తల్లి నడుముకు ఇరువైపులా ఉన్నాయి, తల డాక్టరు ఒళ్లో ఉంది. డాక్టరు వేలితో పై పెదవి ఎత్తి, పళ్ల మీది పాచిని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టారు. చిగురు అంచు వెంబడి సున్నం గీత లాంటి తెల్లటి చార బయటపడింది. నడిమి రెండు పళ్లపై ఆ చార గోధుమ రంగు గుంటగా మారి, అంచులు విరిగి ఉన్నాయి. కింది ముందు పళ్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

బాబు పడుకునేటప్పుడు ఒక సీసా, రాత్రి మెలకువ వస్తే మరొకటి తాగుతాడని తల్లి చెప్పింది. గేదె పాలలో రెండు చెంచాల చక్కెర కలుపుతున్నారు. సీసా నోట్లో ఉండగానే బాబు నిద్రలోకి జారుకుంటాడు.

పగలు పాలు తాగితే లాలాజలం నోటిని కడుగుతూ ఉంటుంది, పిల్లవాడు మింగుతూ ఉంటాడు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది, మింగడమూ తగ్గుతుంది. అప్పుడు తీపి పాలు పై ముందు పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. పాచిలోని బ్యాక్టీరియా ఆ చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తుంది. దాంతో పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరుగుతాయి. పాలపళ్ల ఎనామిల్ శాశ్వత దంతాల ఎనామిల్ కంటే పలుచన కాబట్టి పుచ్చు త్వరగా లోపలికి దిగుతుంది. పీక చప్పరించేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పి ఉంచుతుంది. నాలుక కింది గ్రంథుల నుంచి వచ్చే లాలాజలం కూడా అక్కడికే చేరుతుంది. కింది పళ్లు తప్పించుకోవడానికి కారణం ఇదే.

తెల్లచార దశలో గుంట ఇంకా పడదు. పోయిన ఖనిజాలు కొంతవరకు తిరిగి చేరే వీలుంటుంది. అందుకే ఆ బాబు తెల్లచారలున్న పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. గుంటపడ్డ రెండు పళ్లకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ ద్రావణం వేశారు. ఇది పుచ్చును ఆపుతుంది గానీ ఆ భాగాన్ని నల్లగా మార్చేస్తుంది, విరిగిన పంటికి ఆకారం తిరిగి ఇవ్వదు. నలుపు గురించి ముందే చెప్పి, తల్లి ఒప్పుకున్నాకే వేశారు. చీము పట్టిన పంటికి గానీ, లోపలి నరం దాకా పుచ్చు చేరిన పంటికి గానీ ఈ మందు సరిపోదు. అప్పుడు వేరు చికిత్సో, పన్ను తీసేయడమో తప్పదు. చిన్న పిల్లలకైతే అందుకు మత్తు కూడా అవసరం కావచ్చు. పాలపంటి వేరు దగ్గర చీము నిలిచిపోతే లోపల తయారవుతున్న శాశ్వత దంతానికీ హాని జరగవచ్చు.

రాత్రి సీసా ఆగకపోతే ఏ పూత వేసినా పుచ్చు మళ్లీ మొదలవుతుంది. ఒక్కసారిగా మాన్పిస్తే పిల్లవాడు ఏడ్చి గోల చేస్తాడు కాబట్టి డాక్టరు మెట్లుగా మాన్పించమన్నారు. మొదట రెండు చెంచాల చక్కెరను కొద్ది రోజులకోసారి అరచెంచా చొప్పున తగ్గించి పూర్తిగా ఆపాలి. తర్వాత రాత్రి సీసాలో పాలు తగ్గిస్తూ నీళ్లు పెంచాలి. సీసాలో నీళ్లే మిగిలాక దాన్ని పక్కన పెట్టేయాలి. పాలు పగటిపూట, రాత్రి భోజనంతో గ్లాసులో ఇవ్వాలి. పడుకోబోయే ముందు పెద్దవాళ్లే బ్రష్‌తో పళ్లు తోమాలి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. తోమాక నీళ్లు తప్ప మరేదీ ఇవ్వకూడదు.

ఏడాది నిండేలోగా పిల్లల్ని ఒకసారి దంతవైద్యుడికి చూపించాలి, ఏడాది దాటాక సీసా మాన్పించే పని మొదలుపెట్టాలి. ఈలోగా నెలకోసారి వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన తెల్లచార కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.