మా వారి అయిదు నిమిషాలు

మా వారు ప్రిన్సిపాల్. నిరుడు యాన్యువల్ డేలో ఆయన మాట్లాడుతుండగానే తెర వెనక ఎల్‌కేజీ పిల్లలు మేకప్‌తోనే నిద్రపోయారు. అందుకే ఈసారి కాగితాలు నేను లాక్కున్నాను.

ముందు పైకి చదవమని ఫోన్‌లో టైమర్ పెట్టాను. పదిహేను నిమిషాలు పట్టింది. అందులో ధన్యవాదాలకి నాలుగు, రిజల్ట్సుకి ఆరు, సందేశానికి అయిదు.

రిజల్ట్సు మొత్తం గేటు దగ్గర బోర్డు మీదికి పంపేశాను. ముఖ్య అతిథి గొప్పలు యాంకరమ్మ ఎలాగూ చెబుతుంది కాబట్టి ఆయనకి, టీచర్లకి, తల్లిదండ్రులకి తలా ఒక వాక్యం చాలన్నాను.

"ఆయాల పేర్లు కూడా తీసేస్తావా?" అన్నారు బెంగగా.

అవి మాత్రం ముట్టుకోలేదు. మైకులో వాళ్ల పేర్లు వినపడేది ఏడాదికి ఆ ఒక్క రోజే కదా! ధన్యవాదాలు ఒకటిన్నర నిమిషానికి వచ్చాయి.

సందేశంలో సూక్తులన్నీ కొట్టేస్తే ఒక్క మాట మిగిలింది: "రోజూ రాత్రి పది నిమిషాలు మీ పిల్లల చేత పైకి చదివించుకుని వినండి." దానికి తోడు ఒక పిల్లాడి కథ ఉంచాను. మూడు నిమిషాలు.

మొత్తం నాలుగున్నర. మిగిలిన అర నిమిషం చప్పట్లకి వదిలాం.

ఆ రోజు ఆయాల పేర్లు చదవగానే మొదటి చప్పట్లు తెర వెనక నుంచే వినిపించాయి. పిల్లలు మేలుకునే ఉన్నారు!