చేతికొచ్చిన తూకం

మా కోలారు పక్క తెలుగు ఇండ్లలో బంగారం లెక్క రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. మా నాయనదీ ఉంది. మాట తెలుగు, అక్షరం కన్నడం. నేనూ కన్నడ మీడియంలోనే చదివినాను కాబట్టి చదవడానికి తిప్పలు లేదు. కానీ అందులో తేదీ, వస్తువు, ఇచ్చిన రూపాయలు, అంతే. తూకం అక్కడక్కడ, అదీ సవరన్లలో.

ఆ పుస్తకం ప్రకారం అక్కకూ చెల్లెలికీ సమానంగా పెట్టినారు, చెరి 1,10,000. బిల్లులు రెండూ ఒకే దినానివి, ఇంట్లోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి, మొత్తం అంకె చూస్తే దాన్ని విడదీయకుండా ఉండలేను. రెంటినీ ఎక్సెల్‌లో వేసినాను. (రేటు మాత్రం ఇక్కడ గుండ్రంగా 6,000 చేసి రాస్తున్నా, లెక్క సులభంగా ఉంటుందని.)

| | అక్క చైను | చెల్లెలి గాజులు |
|---|---|---|
| మొత్తం తూకం (గ్రా.) | 16.500 | 17.200 |
| రాళ్ల తూకం | 0.500 | 0 |
| బంగారం తూకం | 16.000 | 17.200 |
| తరుగు | 1.600 (10%) | 0.688 (4%) |
| 22 క్యారెట్ రేటు | 6,000 | 6,000 |
| బంగారం + తరుగు (రూ.) | 1,05,600 | 1,07,328 |
| రాళ్ల ధర | 1,500 | 0 |
| జీఎస్టీ 3% | 3,213.00 | 3,219.84 |
| ఇచ్చిన మొత్తం | 1,10,313.00 | 1,10,547.84 |

రూపాయల్లో ఇద్దరికీ సరిసమానమే. బంగారంలో మాత్రం అక్కకు 1.200 గ్రాములు తక్కువ.

ఇందులో ఎక్కువమంది తడబడేది తరుగు దగ్గర. కొన్ని అంగళ్లు మజూరిని రూపాయల్లో వేస్తాయి, కొన్ని తరుగు అని గ్రాముల్లో వేస్తాయి. గ్రాముల్లో వేస్తే బిల్లులో 17.600 అని కనిపిస్తుంది. ఇంటికొచ్చి అదే రాసుకుంటాము. ఆ 1.600 గ్రాములు మన చేతికి రానే లేదు, అది పనికి ఇచ్చిన కూలి, గ్రాముల రూపంలో చెప్పినారు అంతే. అందుకే తరుగుకు వేరే గడి. జీఎస్టీ కూడా ఒక్క బంగారం మీదే కాదు, తరుగు, రాళ్లు కలిపిన మొత్తం మీద పడుతుంది. బిల్లులో 1.5 చొప్పున రెండు వరసలుగా ఉంటుంది, రెండూ కూడి రాయండి.

ఇంకో గడి నేను చేర్చినాను. ఇచ్చిన మొత్తాన్ని బంగారం తూకంతో భాగించడం. ఎక్సెల్‌లో C మొత్తం తూకం, D రాళ్లు, E బంగారం, K ఇచ్చిన మొత్తం అయితే:

```
E2: =C2-D2
L2: =ROUND(K2/E2,2)
```

చైనుకు 6,894.56 వచ్చింది, గాజులకు 6,427.20. అంటే రేటు 6,895 దాటేదాకా చైను అమ్మితే నష్టమే. అమ్మేటప్పుడు అంగడివాళ్లు కోత వేస్తే ఇంకా పైకి పోవాలి. తరుగు, జీఎస్టీ ఎవరూ వాపసు ఇవ్వరు. రాళ్ల ధర కూడా మామూలుగా రాదు. పొదుపు కోసమే కొనేవాళ్లు ఈ గడి తప్పకుండా చూసుకోవాలి.

తూకం గ్రాముల్లోనే, మూడు దశాంశాలతో రాయండి. సవరన్ అంటే మాకు 8 గ్రాములు. తులం అంటే పాత లెక్కలో 11.66, ఇప్పుడు చాలా అంగళ్లలో 10. వేరే వేరే రాష్ట్రాల్లో ఉండే మన ఇండ్ల పుస్తకాలు కలిపి చూస్తే ఇక్కడే గలాటా వస్తుంది. వస్తువు మీద చెక్కిన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కూడా ఒక గడిలో పెట్టండి. 2023 ఏప్రిల్ నుంచి అంగళ్లలో అమ్మే హాల్‌మార్క్ నగలకు అది తప్పనిసరి. ఏ వరస ఏ నగదో పదేండ్ల తర్వాత దాన్ని బట్టే తెలుస్తుంది. అంతకు ముందు కొన్న పాతవాటికి అది ఉండకపోవచ్చు, లేనివాటికి ఆ గడి ఖాళీగానే వదిలినాను.

పాత నగ ఇచ్చి కొత్తది తీసుకున్నప్పుడు ఇంకో చిక్కు. బిల్లు కింద పాతదాని విలువ తీసేసి మిగతా రూపాయలే ఉంటాయి. ఆ అంకె ఎత్తి రాస్తే కొత్త నగ చౌకగా దొరికినట్టు కనిపిస్తుంది. తీసివేతకు ముందు ఉన్న మొత్తం రాయాలి. పాత నగ వరసలో "ఇచ్చేసినాము" అని తేదీ వేయాలి, వరస చెరపకూడదు. నాయన పుస్తకంలో అవ్వ కాసులపేరు ఇట్లే రెండుసార్లు ఉంది. ఒకసారి కాసులపేరుగా, ఇంకోసారి దాన్ని కరిగించి చేయించిన వంకీగా.

అక్కకు ఆ 1.200 గ్రాముల సంగతి చెప్పినాము. డిజైన్ నేనే కోరినాను కదా అనింది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు, వచ్చే పండక్కి కాయిన్ తీసిస్తానంటోంది. గ్రాము కాయినా, రెండు గ్రాములదా అనేది ఇంకా తేలలేదు. రెండైతే చెల్లెలికి 0.800 బాకీ పడుతుందట.