ఆ 120 మంది ఎవరు?

అనంతపురం వంటి రాతి పీఠభూమిలో ఒక ప్రయోగశాల మూత్రంలోని ఫ్లోరైడును కొలిచే పరీక్షను కొత్తగా ప్రారంభించినప్పుడు, ముందుగా తేల్చుకోవలసింది దాని రిఫరెన్స్ రేంజ్, అంటే ఆరోగ్యవంతులైన స్థానికుల్లో నూటికి 95 మంది విలువలు ఏ హద్దుల మధ్య ఉంటాయన్నది. ఇందుకు సాధారణంగా కనీసం 120 మంది నమూనాలను సేకరించి, విలువలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, మూడో విలువను కింది హద్దుగా, 118వ విలువను పై హద్దుగా తీసుకుంటారు.

లెక్క సులువైనదే, కష్టమంతా ఆ 120 మందిని ఎంచుకోవడంలో ఉంది. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయిన ఊళ్లలో, ఏళ్ల తరబడి రాతిని అంటిపెట్టుకున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. ఆ నీరు తాగేవారిలో చాలామంది నొప్పి ఏదీ లేక, రోజూ పొలం పనికి పోతూ, చూపుకు ఆరోగ్యవంతులుగానే ఉంటారు. 118వ విలువ పైనుంచి మూడోది కనుక, అటువంటివారు ముగ్గురు చేరినా పై హద్దును వారే నిర్ణయిస్తారు, మిగిలిన 117 మంది ఎంత మంచి నీరు తాగినా ఆ హద్దు కిందికి దిగదు.

దీని ఫలితం రోగి దగ్గర తెలుస్తుంది. మెడ తిప్పలేక, నడుము వంచలేక వచ్చిన నడివయసు రైతు ఎక్స్‌రేలో ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొర సున్నం పట్టి గట్టిపడినట్లు కనిపిస్తుంది. అది ఎముకల ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు. కాని మూత్ర పరీక్ష కాగితం మీద విలువ ‘పరిధిలోనే’ ఉంటుంది. ఆ కాగితాన్నే నమ్మిన వైద్యుడు కీళ్ల అరుగుదలని చెప్పి పంపేస్తాడు. ఎక్స్‌రేను నమ్మినవాడు ఆ ఇంటి నీటిని పరీక్షకు పంపుతాడు.

అందువల్ల ఈ పరీక్షకు ఎంపిక ఊరి పేరుతో కాక నీటితో మొదలు కావాలి. ప్రతి ఇంటి నీటినీ కొలిచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి చాలా దిగువన ఉన్న నీటిని ఏళ్లుగా తాగుతున్నవారినే తీసుకోవాలి. ఈమధ్యనే బోరు మాని కొళాయి నీటికి మారినవారిని చేర్చుకోకూడదు, ఎందుకంటే ఎముకల్లో నిలిచిన ఫ్లోరైడు చాలాకాలం మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో విసర్జన తగ్గి విలువ తప్పుగా తక్కువ కనిపిస్తుంది కనుక వారినీ వదిలేయాలి. ఎండల్లో చెమట పట్టి మూత్రం చిక్కబడితే ఫ్లోరైడు ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఫలితాన్ని అదే నమూనాలోని క్రియాటినిన్‌తో పోల్చి ఇవ్వాలి. నమూనాను గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి, ఫ్లోరైడు గాజుతో చర్య జరుపుతుంది గనుక.

ఇంత శ్రమ పడలేని చిన్న ప్రయోగశాలలు, తయారీదారు ఇచ్చిన పరిధిని 20 మంది స్థానికులపై సరిచూసుకుంటాయి. ఇద్దరికి మించి బయట పడకపోతే దాన్ని అంగీకరిస్తాయి. ఇక్కడ ఐదుగురు పైహద్దు దాటితే, పరిధిని పెంచే ముందు ఆ ఐదుగురూ ఏ నీరు తాగుతున్నారో విచారించాలి.