అమ్మ అడిగిన చార్మినారు

మా అమ్మ పుట్టిల్లు చార్మినారు పక్క వీధి. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు వెళ్ళలేదు. "ఆ బజారుని బొమ్మల కొలువులా చేసి చూపించరా" అంది.

మాటలు చెబితే చిత్రం వేసే కంప్యూటరుకి "టిల్ట్-షిఫ్ట్, బొమ్మల ఊరు" అని కొట్టాను. కొలువు వచ్చింది గాని, మినార్లు వంగాయి, కిటికీలు సాగాయి.

"ఇవేమిట్రా, గాలికి ఊగే చెరుకుగడల్లా?" అంది అమ్మ.

అప్పుడు ఆలోచించాను. చిన్న వస్తువుని దగ్గరగా ఫోటో తీస్తే సన్నని పట్టీ మేరకే స్పష్టంగా ఉంటుంది. ముందూ వెనకా మసకే. ఊరి ఫోటోలో ఆ మసక కనిపిస్తే, కన్ను ఊరినే బొమ్మనుకుంటుంది. అంటే మార్చవలసింది మసకనే గాని కట్టడాన్ని కాదు!

"బొమ్మ" అన్న మాట తీసేశాను. "దూరపు మేడ మీంచి ఏటవాలుగా చూస్తూ తీసిన నిజమైన ఫోటో, జనం ఉన్న అడ్డపట్టీ స్పష్టం, పైనా కిందా మసక, ముదురు రంగులు, గోడలు నిటారు" అన్నాను.

స్కేలు పెట్టి చూశాను, మినార్లు నిటారే. కొనలు మాత్రం పై మసకలో కలిశాయి. అడ్డపట్టీకి ఎత్తు కట్టడంతో ఆ చిక్కు తప్పదు.

"పోనీలే, పొద్దుటి మంచనుకుంటా" అంది అమ్మ, గాజుల కొట్టు వెతుక్కుంటూ.