అత్తయ్యగారి జాకెట్టు ముక్క

బట్టల కొట్లో "పలచని కాటన్ చూపించండి" అని అడిగితే మల్‌మల్, వాయిల్, లాన్ మూడూ ఒకేసారి మన ముందు పడేస్తారు. మూడూ పలచనే, మూడూ నూలే. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలీదు. ఒంటి మీదకి వచ్చాక మాత్రం మూడూ మూడు దారుల్లో నడుస్తాయి. ఈ ఎండాకాలం మా ఇంట్లో ఆ తేడా తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది.

మా అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మాఘమాసంలో కుడి పక్కన, పక్కటెముకల మీద నడుం దాకా సర్పి వచ్చింది. పొక్కులు మాడిపోయాయి గానీ మంట పోలేదు. బట్ట తగిలితే చాలు, చురుక్కుమంటుంది. డాక్టరుగారు మందులిచ్చి, మెత్తటి నూలు బట్టలు కట్టుకోమన్నారు. ఆవిడ ఇంట్లో పాత నైటీతో సర్దుకున్నారు. కానీ నైటీతో గుమ్మం దాటరు. సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చోవడం మానేశారు. చీర కట్టుకుంటే గానీ ఆవిడ బయటికి రారు, చీరేమో ఆ పక్కనే తగులుతుంది. చెంగు వెనక నుంచి కుడి చంక కిందగానే కదా ముందుకి వచ్చేది!

అందుకని మూడు రకాల్లోనూ రెండేసి మీటర్లు తెల్లముక్కలు తెచ్చాను. ముందు మూడింటినీ ఒక రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేశాను. కొత్తబట్టకి మిల్లులో గంజి పట్టించి ఉంటుంది. అది దారాల మధ్య సందుల్ని పూడ్చేస్తుంది కాబట్టి కొట్లో చూసినప్పుడు మల్‌మల్ కూడా ఒత్తుగానే కనిపిస్తుంది. ఉతికాకే దాని అసలు రూపం.

ఆరిన తర్వాత వంటింటి కాటా మీద తూచాను. బట్ట బరువుని చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని లెక్క కడతారు. మల్‌మల్ ముక్క రెండు మీటర్లదల్లా ఉతికాక 1.92 మీటర్లయింది, పన్నా 1.08 మీటర్లు. రెండూ హెచ్చిస్తే 2.07 చదరపు మీటర్లు. బరువు 116 గ్రాములు. భాగిస్తే చదరపు మీటరుకి 56 గ్రాములు. ఇదే లెక్కన వాయిల్ 67, లాన్ 80 వచ్చాయి. బరువొక్కటే చూస్తే మల్‌మల్ తీసుకోవాలి. అయితే బరువు తక్కువైతే ఒంటికి హాయి అనుకోవడానికి లేదని తర్వాత తేలింది.

ఏది ఎంత కనపడుతుందో చూడటానికి న్యూస్‌పేపర్ మీద ఒక్కో పొర పరిచాను. మల్‌మల్ కింద చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. వాయిల్ కింద హెడ్డింగులు తెలుస్తాయి, చిన్న అక్షరాలు కష్టపడితే తెలుస్తాయి. లాన్ కింద నల్లగా వరసలున్నాయని తెలుస్తుంది, అంతే. తర్వాత మూడింటి మీదా నీళ్ళు చిలకరించాను. నూలు తడిస్తే వెలుగు ఇంకా దూరిపోతుంది, మరింత పలచగా కనిపిస్తుంది. చెమట పట్టే మన ఊళ్ళో ఈ పరీక్షే ముఖ్యం. తడిసిన మల్‌మల్ ఉన్నా లేనట్టే అయింది. లాన్ మాత్రం చాలావరకు నిలబడింది.

దీనికి కారణం నూలులోనే ఉంది. మల్‌మల్‌కి తక్కువ పురి పెట్టిన మెత్తటి నూలు వాడి, వదులుగా నేస్తారు. వాయిల్‌లో కూడా పడుగూ పేకా వదులే, కానీ నూలుకి పురి బాగా ఎక్కువ పెడతారు. అంచున ఒక పోగు లాగి వదులుగా పట్టుకోండి, వాయిల్ పోగు తనలో తనే మెలితిరుగుతుంది. అందుకే వాయిల్‌కి ఆ చిన్న గరుకు, ఆ నిటారుతనం. లాన్‌లో పొట్టి పీచు దువ్వి తీసేసిన సన్నటి నూలుని దగ్గర దగ్గరగా నేస్తారు. సందులు తక్కువ, అందుకే లోపలిది కనపడదు, పైన నున్నగా ఉంటుంది.

ఇక జారుడు. స్టీలు గ్లాసు బోర్లించి దాని మీద చేతిరుమాలంత ముక్క వేస్తే చాలు. మల్‌మల్ గ్లాసుని అంటుకుపోయింది. వాయిల్ సన్నటి కుచ్చిళ్ళలా కిందకి జారింది, కాని గ్లాసుకి అంటలేదు. లాన్ కొంచెం వెడల్పు మడతలతో ఎడంగా నిలబడింది.

అసలు పరీక్ష అత్తయ్యగారిదే. మూడు ముక్కల్నీ ఒక్కొక్క పూట ఆ పక్కన కప్పుకుని కూర్చున్నారు. మెత్తనిది కదా, మల్‌మల్లే నచ్చుతుందనుకున్నారు మా వారు. గంట కాకుండానే ఆవిడ తీసేశారు. "ఫ్యాన్ గాలికి ఊరికే కదులుతోందమ్మాయ్, ఈకతో గీసినట్టుంది" అన్నారు. గట్టిగా అదిమితే లేని బాధ, పైపైన రాసుకుంటే వస్తోందట. చెమట పడితే అంటుకుంటుంది, ఆరితే ఊడి వస్తుంది, అదో రాపిడి. వాయిల్ కదలదు గానీ చర్మానికి నేరుగా తగిలితే గరుకు. లాన్ మాత్రం రెండు గంటలైనా ఉంచుకున్నారు.

దాంతో దారి దొరికింది. ఒంటికి తగిలేది లాన్ జాకెట్టు, దాని మీద వాయిల్ చీర. జాకెట్టు బిగువుగా కాదు, వదులుగానూ కాదు, ఒంటి మీద కదలకుండా నిలిచేంత కొలతలో కుట్టాను. నడుం దాకా దిగేట్టు పొడుగు పెంచాను, అప్పుడు చెంగు ఎక్కడా చర్మాన్ని తాకదు. పక్క కుట్లు బయటి వైపుకి వచ్చేలా వేశాను, లైనింగ్ వెయ్యలేదు, హుక్కులు ముందుకి. కుడి పక్క కుట్టుని రెండంగుళాలు ముందుకి జరిపాను, సరిగ్గా మంట ఉన్న చోట దారం రాకుండా. రెండు మీటర్లలో రెండు జాకెట్లు వచ్చాయి.

చీరకి గంజి మానేశాం. ఆవిడ జన్మలో గంజి లేని వాయిల్ కట్టలేదు, కాస్త సణిగారు. గంజి పెడితే అంచు కత్తిలా తయారవుతుంది, ఇప్పుడది పనికిరాదు. పలచటి చీర కదా, లోపలిది కనపడుతుందని మరో బెంగ. లేత రంగు చీరల కింద తెల్ల లంగా వేస్తే తెల్లగా తేలి కనిపిస్తుంది. చీర రంగుదే వేస్తే కలిసిపోతుంది. తెల్ల చీరైతే ఒంటి రంగుకి దగ్గర రంగు వెయ్యాలి.

మిగిలిన మల్‌మల్‌ని రెండు మడతలేసి చుట్టూ కుట్టాను. రెండు పొరలైతే అక్షరాలు కనపడవు, అయినా గాలి ఆడుతుంది. స్నానం తర్వాత ఆవిడకి రుద్దకుండా అద్దడానికి అంతకన్నా మెత్తటి బట్ట లేదు.

కొనేటప్పుడు ఒక్క మాట. లాన్ పేరుతో పాలిస్టర్ కలిసినవి కూడా అమ్ముతున్నారు. అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటికొచ్చి వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన, వేళ్ళతో నలిపితే పొడయ్యే బూడిద. గట్టి ఉండ కట్టిందంటే అందులో పాలిస్టర్ ఉన్నట్టే. మొదటి కొట్లో తెచ్చిన ముక్క అలాగే ఉండ కట్టింది, దాన్ని పక్కన పెట్టేశాను.

మంట ఇంకా పూర్తిగా పోలేదు, బట్టతో పోయేదీ కాదు. కానీ నిన్న అరుగు మీద పక్కింటి పిన్నిగారు చెంగు పట్టుకుని చూసి, "గంజి లేదేంటి వదినా?" అన్నారు. "మా కోడలు పెట్టనివ్వట్లేదు" అని చెప్పి, అరగంట సేపు నా మీద చాడీలు చెప్పారు అత్తయ్యగారు. కిటికీలోంచి అన్నీ విన్నాను.