బ్యాంకు మారిందంటూ వచ్చిన మెయిలు

జూలై 8, భీమవరం

పొద్దున్నే దుబాయ్ బయ్యరు ఫోన్. "బ్యాంకు మార్చారటగా, మిగతాది హాంకాంగ్ ఖాతాకే వేసేయమంటారా?" అని. మేం ఏ ఖాతా మార్చలేదు. రొయ్యల కంటైనరు విశాఖలో ఓడెక్కింది, 30 శాతం అడ్వాన్సు ముందే వచ్చింది. బీఎల్ కాపీ చూసుకుని మిగతా 70 శాతం కట్టే వారంలోనే ఆ మెయిలు దిగింది. ఇన్‌వాయిస్ నంబరు, కంటైనరు నంబరు, కింద నా పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంటే వాడు మా మెయిల్ పెట్టెలోనో వాళ్ల దాంట్లోనో చేరి ఉత్తరాలన్నీ చదువుతున్నాడు. తేడా ఒక్క చిరునామాలోనే: మా `marine` వాడి దగ్గర `rnarine` అయింది. ఫోన్ తెరమీద ఆ `rn` అచ్చం `m` లాగే కనిపిస్తుంది.

మా మెయిళ్లు గుట్టుగా బయటికి పోయేలా ఎవరైనా ఫార్వర్డింగ్ పెట్టారేమోనని కంప్యూటర్ కుర్రాడు వెతికాడు. మా వైపు ఏమీ లేదు. అయినా పాస్‌వర్డులన్నీ మార్పించాను, బయ్యరునీ చూసుకోమన్నాను.

జూలై 9

"DMARC పెట్టించాం కదమ్మా, ఎలా వచ్చింది?" అన్నారు యజమాని గారు. అది మా సొంత డొమైన్ పేరుతో ఎవడైనా పంపితే పట్టుకుంటుంది. వీడు పోలిన పేరు తానే కొనుక్కున్నాడు, వాడి మెయిలు ఆ పరీక్ష దర్జాగా పాసవుతుంది.

మిగతా బయ్యర్లకు చెప్పడం ఆయనకు ఇష్టం లేదు, పరువు పోతుందట. ఓఎన్‌జీసీ సంగతి చెప్పాను. రాజమండ్రిలో వాళ్ల ఆఫీసు ఎవరికి తెలియదు? 2015లో గుజరాత్ నుంచి నాఫ్తా పంపితే, `ongc`ని `ognc`గా తిప్పిన మెయిలు నమ్మి సౌదీ కంపెనీ వేరే ఖాతాకు డబ్బు పంపింది. సుమారు 197 కోట్లు. ఆయన ఇక మాట్లాడలేదు.

జూలై 10

హెచ్చరిక ఉత్తరం రాయడం అనుకున్నంత సులువు కాదు. అకౌంట్స్ అబ్బాయి "అనుమానముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని నంబరు వేశాడు. కొట్టేశాను. దొంగ కూడా సరిగ్గా అదే రాస్తాడు కదా! "మీ పాత కాంట్రాక్టులో ఉన్న నంబరుకే చేయండి" అని మార్చాను. లింకు లేదు, అటాచ్‌మెంట్ లేదు, ఖాతా చివరి నాలుగు అంకెలు మాత్రమే. మెయిలు ద్వారా మేం ఎన్నడూ ఖాతా మార్చం, మార్చాల్సివస్తే ముందు ఫోన్ చేస్తాం అని రాశాం. ఇప్పటికే పంపేసి ఉంటే ఆ క్షణమే మీ బ్యాంకును రీకాల్ అడగండి, అవతలి ఖాతాలోంచి తీసేశాక చేతికి రాదు అని చివర్లో చేర్చాను. మన దేశంలోని వాళ్లకైతే 1930 నంబరు కూడా.

ఈ మెయిలును దొంగ కూడా చదవొచ్చు, ఎవరి పెట్టెలోనైనా ఉంటే ముందే చెరిపేయనూవచ్చు. అందుకే అదే ఉత్తరం అచ్చువేసి, కొరియర్‌లో వెళ్లే డాక్యుమెంట్లతోపాటు పెట్టించాను.

జూలై 14

చెన్నై బయ్యరు పాత నంబరుకు ఫోన్ చేసి, "మీ హెచ్చరిక మీరే పంపారా?" అని అడిగారు. నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. చివరి నాలుగు అంకెలు నేను చెప్పలేదు, ఆయన్నే తన పాత ఫైల్లోంచి చదవమన్నాను. సరిపోయాయి. దుబాయ్ నుంచి ఇంకా జవాబు రాలేదు, రేపు మళ్లీ ఫోన్ చేయాలి.